పుట్టిన తేదీ కరెక్టుగా చెప్పారని పాస్‌వర్డ్ రీసెట్ చేసేయొచ్చా?

ప్రశ్న: కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రుల గ్రూపులో ఐటీ హెల్ప్‌డెస్క్‌లో చేస్తున్నా. నంద్యాల, ఆదోని బ్రాంచీలు కూడా మేమే చూడాలి, ఉండేది ముగ్గురమే. ఫోన్లో పాస్‌వర్డ్ రీసెట్ అడిగేవాళ్ళు ఎంప్లాయీ ఐడీ, పుట్టిన తేదీ కరెక్టుగానే చెప్తారు. అది చాలా? పెద్ద డాక్టర్లు "నా లాగిన్‌కి బిల్లింగ్ అడ్మిన్ ఇవ్వు" అని గట్టిగా అడిగితే ఎట్ల కాదనేది?

జవాబు:

చాలదు. ఆ కాల్‌లో ఏమీ చేయకండి. ఫోన్ పెట్టేసి, హెచ్‌ఆర్ రికార్డులో ముందు నుంచీ ఉన్న నంబరుకు మీరే తిరిగి ఫోన్ చేయండి. ఆ మనిషే ఎత్తి, తానే అడిగానంటేనే రీసెట్. రోల్ మార్చే సంగతి వేరే. అడుగుతున్నది నిజంగా ఆ డాక్టరు గారే అని తేలినా ఫోన్ మీద ఇవ్వకూడదు. ఎందుకో కింద చెప్తా.

నేను అనంతపురంలో ఉంటా. చాలా ఏళ్ళుగా చిన్న, మధ్య తరహా సంస్థల హెల్ప్‌డెస్క్‌లు నడుపుతున్నా, కొన్నింటికి పద్ధతులు రాసిచ్చా. పెద్ద కంపెనీల సంగతి కాకుండా, ముగ్గురు నలుగురు ఉండే డెస్క్‌లో ఏది నిలబడుతుందో అదే రాస్తున్నా.

మొదట పుట్టిన తేదీ సంగతి. మన దగ్గర అది రహస్యమా చెప్పండి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే కేకు బొమ్మ పెట్టి "హ్యాపీ బర్త్‌డే సార్" అంటారు. కాస్త పేరున్న డాక్టరైతే అభిమానులు సర్కిల్లో ఫ్లెక్సీ కూడా కట్టిస్తారు. ఎంప్లాయీ ఐడీ మెడలో వేలాడుతూ ఉంటుంది, క్యాంటీన్లో పక్క కుర్చీలో కూర్చున్నవాడు చదువుకోవచ్చు. ఆధార్ నంబరు ఎన్ని జిరాక్స్ షాపుల్లో, ఎన్ని లాడ్జీ రిజిస్టర్లలో ఉందో మనకే తెలియదు. పై అధికారి పేరు, ఏ డిపార్ట్‌మెంటు, ఎప్పుడు చేరారు అన్నవి లింక్డిన్‌లో వాళ్ళే రాసుకుంటారు. ఉద్యోగం మానేసిన మనిషికైతే ఇవన్నీ కంఠస్థం. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పినవాడికి ఆ ఉద్యోగి గురించి తెలుసు అని మాత్రమే తేలుతుంది, ఆ ఉద్యోగి తానే అని తేలదు. అమెరికా ప్రమాణాల సంస్థ NIST లాగిన్ మార్గదర్శకాల్లో కూడా ఇలాంటి తెలిసిన సమాచారంతో మనిషిని గుర్తించడాన్ని ఒప్పుకోరు.

ఫోన్ తెర మీద కనబడే నంబరును కూడా నమ్మొద్దు. ఇంటర్నెట్ కాల్స్‌లో వేరేవాళ్ళ నంబరు కనబడేట్టు చేయడం మోసగాళ్ళకు పెద్ద పనేమీ కాదు. అందుకే మనకు వచ్చిన కాల్‌కు విలువ లేదు, మనం చేసిన కాల్‌కే విలువ.

ఇక తిరిగి ఫోన్ చేసేటప్పుడు ఎట్ల మాట్లాడాలన్నది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. "సార్, ఇప్పుడు పాస్‌వర్డ్ రీసెట్ అడిగారు కదా, మీరేనా?" అని అడుగుతారు. పనిలో మునిగి ఉన్న మనిషి సగం విని "ఆ, ఆ, కానీ" అనేస్తాడు. జవాబు మీరు అందించకండి, ఆయన నోట రానివ్వండి:

"నమస్తే సార్, హెల్ప్‌డెస్క్ నుంచి. మీరు ఇప్పుడేమన్నా మాకు ఫోన్ చేసినారా?"
"చేసినా."
"దేనికోసం సార్?"
"ల్యాబ్ రిపోర్టులు ఓపెన్ కావడంల్యా, పాస్‌వర్డ్ మర్చిపోయినా అంటి గదప్పా."

రెండు వాక్యాల పని. "నేనెక్కడ చేసినా? ఓపీలో ఉన్నా" అని వస్తే మీరు ఒక దాడిని పట్టుకున్నట్టే. అప్పుడు ఆ లాగిన్‌ను కాసేపు ఆపి, ఆ రోజంతా ఆ పేరు మీద వచ్చే ఏ కాల్ అయినా అనుమానంగానే చూడాలని మిగతా ఇద్దరికీ చెప్పండి. మోసగాడు ఒకరి దగ్గర కుదరకపోతే షిఫ్టు మారాక ఇంకొకరికి చేస్తాడు.

ఫోన్ ఎత్తకపోతే రీసెట్ లేదు, అంతే. అవతలివాడు "ఆ ఫోన్ ఇంట్లో మర్చిపోయినా, ఈ నంబరుకే చెయ్" అంటే అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే.

ఎందుకంటే ఈ పద్ధతికి బలమంతా ఆ రికార్డులో ఉన్న నంబరే. దాన్నే ముందు మార్చేస్తే? ఈ జిల్లాలోనే ఒక సంస్థలో జరిగింది చెప్తా, పేరు అడగొద్దు. వాళ్ళకు తాడిపత్రి వైపు ఒక సైటు ఉంది. సోమవారం పొద్దున హెల్ప్‌డెస్క్‌కి ఫోన్: "నేను స్టోర్స్ మేనేజర్ని. ఫోను నీళ్ళ డ్రమ్ములో పడింది, సిమ్ము కూడా పాయె. ఈ కొత్త నంబరు ఎక్కించుకోండి." డెస్క్ మీద ఉన్న పిల్లాడు ఐడీ, పుట్టిన తేదీ అడిగాడు, రెండూ సరిపోయాయి, నంబరు మార్చాడు. పాస్‌వర్డ్ అడగలేదు కదా, నంబరే కదా అనుకున్నాడు. ఎవరైనా అట్లే అనుకుంటారు.

గురువారం సాయంత్రం ఆరున్నరకు, సరిగ్గా షిఫ్టు మారే వేళ, మళ్ళీ ఫోన్. ఈసారి పాస్‌వర్డ్ రీసెట్ చేయాలి, కొత్త ఫోన్లో ఆథెంటికేటర్ కూడా కొత్తగా పెట్టాలి. డెస్క్ మీద ఉన్న అమ్మాయి పద్ధతి ప్రకారమే నడిచింది. ఫోన్ పెట్టేసి రికార్డులో ఉన్న నంబరుకు తిరిగి చేసింది. అదే గొంతు ఎత్తింది, అడిగిన పని తప్పులేకుండా చెప్పింది. రీసెట్ అయింది, ఆథెంటికేటర్ కూడా మారింది. గంట తిరక్కముందే ఆ లాగిన్‌తో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా నంబరు మారిపోయింది.

డబ్బు మాత్రం పోలేదు. అక్కడి అకౌంట్స్ ఆయనకు పాత అలవాటు ఒకటుంది. ఖాతా మారితే బిల్లు చెల్లించే ముందు కాంట్రాక్టరుకు తానే ఫోన్ చేసి కనుక్కుంటాడు. "నేనేం మార్చలేదు సామీ" అని అవతల నుంచి జవాబు వచ్చేసరికి అంతా బయటపడింది. ఈలోపు అసలు స్టోర్స్ మేనేజర్‌కు లాగిన్ కావడం లేదు. ఆయన సిస్టమ్ పోయిందేమో, శుక్రవారం చూసుకుందాం అనుకుని ఇంటికి పోయాడట.

లాగులు తీసి చూస్తే గురువారం జరిగిన దాంట్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. దాడి సోమవారమే అయిపోయింది. కాబట్టి నంబరు మార్చమనే కాల్‌ను పాస్‌వర్డ్ రీసెట్ కంటే పెద్ద విషయంగా చూడండి. ఫోన్ మీద నంబరు మార్చడం పూర్తిగా ఆపేయండి. మనిషి హెచ్‌ఆర్ దగ్గరికి ఐడీ కార్డుతో వెళ్ళాలి, లేదా బ్రాంచి ఇన్‌ఛార్జి ఎదుట నిలబడాలి. మార్చిన వెంటనే పాత నంబరుకు ఒక మెసేజ్ పోవాలి: "మీ నంబరు మార్చబడింది, మీరు కాకపోతే ఫలానా ఎక్స్‌టెన్షన్‌కు చెప్పండి." ఆ సంస్థలో ఆ ఒక్క మెసేజ్ పోయి ఉంటే మేనేజర్ సోమవారమే ఫోన్ చేసి ఉండేవాడు. ఆయన పాత ఫోన్ నిక్షేపంగా జేబులోనే ఉంది మరి.

దానితో పాటు ఇంకొకటి. నంబరు మారి పదిహేను రోజులు కాకపోతే, ఆ నంబరుకు తిరిగి ఫోన్ చేసి తేల్చుకోవడం చెల్లదు. పదిహేను అన్నది నేను పెట్టే అంకె, మీరు ముప్పై పెట్టుకున్నా మంచిదే. హెచ్‌ఆర్ రికార్డు ఎక్సెల్ షీటులో ఉంటే "నంబరు మార్చిన తేదీ" అని ఒక కాలమ్ చేర్చి, షీటును హెల్ప్‌డెస్క్ చదవగలిగేలా, మార్చలేకుండా పెట్టించండి. నంబర్లు యాక్టివ్ డైరెక్టరీలో ఉంటే ఎప్పుడు మారిందో అదే చెప్తుంది:

```
$u = Get-ADUser user01
Get-ADReplicationAttributeMetadata -Object $u.DistinguishedName -Server dc01 -Properties mobile |
  Select-Object AttributeName, LastOriginatingChangeTime
```

`user01` స్థానంలో ఆ ఉద్యోగి లాగిన్ పేరు, `dc01` స్థానంలో మీ డొమైన్ కంట్రోలర్ పేరు పెట్టుకోండి. తేదీ మొన్నటిదైతే ఆగాలి.

తిరిగి ఫోన్ చేయడానికి ఇంకో బలహీనత ఉంది. నంబరు అదే ఉండి, కాల్ మాత్రం వేరేవాడికి పోవచ్చు. కొరియర్ వాళ్ళమనో టెలికాం వాళ్ళమనో ఫోన్ చేసి *401* తో మొదలయ్యే నంబరొకటి నొక్కించి కాల్స్ మళ్ళించుకునే మోసం మన దేశంలో బాగా నడిచింది. అందుకే టెలికాం శాఖ అలా కోడ్ నొక్కి కాల్ ఫార్వార్డ్ చేసే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని కంపెనీలకు చెప్పింది. అయినా ఆ ఫోన్ చేతికి దొరికినవాడు సెట్టింగుల్లో ఫార్వార్డ్ పెట్టుకోవచ్చు, డూప్లికేట్ సిమ్ తీసుకునేవాళ్ళూ ఉన్నారు. మామూలు వార్డు స్టాఫ్ లాగిన్‌కు ఇంత దూరం ఎవరూ రారు. అడ్మిన్ లాగిన్లు, అకౌంట్స్, ఫార్మసీ కొనుగోళ్ళు, మెడికల్ రికార్డులు మొత్తం చూడగలిగేవాళ్ళు, వీళ్ళకు మాత్రం ఫోన్ ఒక్కటే చాలదు.

వీళ్ళకు మీలాంటి చోట ఖర్చు లేని మార్గం ఉంది, పెద్ద కంపెనీలకు లేనిది. మీ దగ్గర మనుషులు ఒకరినొకరు ఎరుగుదురు. ఆదోనిలో ఉన్న అకౌంటెంట్‌కు రీసెట్ కావాలంటే ఆదోని బ్రాంచి ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్ళమనండి. మీరు ఇన్‌ఛార్జి ల్యాండ్‌లైన్‌కు చేయండి. "మీ ఎదురుగా ఎవరున్నారు సార్?" అని అడగండి. ఇన్‌ఛార్జి తన కళ్ళతో చూసి పేరు చెప్పాలి. వీడియో కాల్ కంటే ఇదే మేలు, ఇప్పుడు వీడియోలో ముఖం మార్చడం కూడా వచ్చేసింది. టికెట్‌లో ఇన్‌ఛార్జి పేరు, టైము రాసి పెట్టండి. సాక్షిగా తన పేరు పడుతుందని తెలిస్తే ఆయన కూడా మనిషిని చూడకుండా "ఆ ఉన్నాడులే" అనడు.

పాస్‌వర్డ్, ఆథెంటికేటర్ రెండూ ఒకే కాల్‌లో మార్చకండి. పాస్‌వర్డ్ పోతే రెండో తాళం ఉంటుందని కదా అది పెట్టింది. ఒకే కాల్‌లో రెండూ ఇస్తే ఇంటి తాళం, బీరువా తాళం ఒకే చేతిలో పెట్టినట్టే. 2023 ఆగస్టులో లాగిన్ సేవలు అమ్మే ఓక్టా సంస్థ సరిగ్గా దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. తమ కస్టమర్ల హెల్ప్‌డెస్క్‌లకు ఫోన్ చేసి, పెద్ద అధికారాలున్న లాగిన్లకు పెట్టుకున్న ఆథెంటికేటర్లన్నీ రీసెట్ చేయించుకుంటున్నారని. అదే నెలలో అమెరికాలో క్లోరాక్స్ అనే సంస్థ మీద దాడి జరిగింది. మోసగాడు ఫోన్ చేసి అడిగితే తమ హెల్ప్‌డెస్క్ నడిపే కాంట్రాక్టు సంస్థ సిబ్బంది ఎవరని తేల్చుకోకుండానే పాస్‌వర్డ్ ఇచ్చారని క్లోరాక్స్ 2025లో కోర్టుకెక్కింది. అది ఆరోపణే, కాంట్రాక్టు సంస్థ ఒప్పుకోలేదు. కానీ అట్లాంటి కాల్ రికార్డింగు మీది ఒకటి బయటికొస్తే ఎట్లుంటుందో ఊహించుకోండి.

ఆథెంటికేటర్ మార్చాలంటే ఏ స్థాయి ఉద్యోగికైనా పైన చెప్పిన ఎదుట నిలబడే పద్ధతే. రోజుకు ఇట్లాంటివి మీకు ఎన్ని వస్తాయి? కొత్త ఫోన్ కొన్నప్పుడు తప్ప రావు. కాబట్టి ఆలస్యమైనా ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదు.

తేలిన తర్వాత పాస్‌వర్డ్ ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. మీరు చేసిన ఆ కాల్‌లోనే నోటితో చెప్పండి, వాట్సాప్‌లో పెట్టకండి. ప్రతిసారీ వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆసుపత్రి పేరు వెనక 123 తగిలించి అందరికీ ఒకటే ఇచ్చే అలవాటు శానా చోట్ల ఉంది, మానేసిన స్టాఫ్‌కు కూడా అది తెలుసు. మొదటిసారి లాగిన్ కాగానే మార్చుకోవాల్సి వచ్చేట్టు టిక్ పెట్టండి. అయిపోయాక ఆ ఉద్యోగి మెయిల్‌కూ, పై అధికారికీ "ఇప్పుడు రీసెట్ అయింది" అని సమాచారం పోవాలి.

ఇప్పుడు డాక్టరు గారి బిల్లింగ్ అడ్మిన్.

పాస్‌వర్డ్ అంటే ఆ మనిషికి ఇప్పటికే ఉన్నది తిరిగి ఇవ్వడం, కాబట్టి "ఇతను అతనేనా" అన్న ఒక్క ప్రశ్న చాలు. రోల్ అంటే లేనిది కొత్తగా ఇవ్వడం. ఇక్కడ "ఇతనికి ఇది ఇవ్వొచ్చని చెప్పే హక్కు ఎవరిది" అన్నది రెండో ప్రశ్న, దానికి జవాబు అడిగే మనిషి దగ్గర ఉండదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డిస్కౌంట్లు ఇచ్చే, బిల్లు రద్దు చేసే అధికారం ఎవరికి ఉండాలో తేల్చేది ఫైనాన్స్ హెడ్. ఆర్థోపెడిక్ హెడ్ ఎంత సీనియర్ అయినా ఆయన చేతిలోది కాదు. మీ చేతిలోది అసలే కాదు.

కాబట్టి ప్రతి సాఫ్ట్‌వేర్‌కు ఒక యజమాని పేరు కాగితం మీద ఉండాలి. బిల్లింగ్‌కు ఫైనాన్స్ హెడ్, మెడికల్ రికార్డులకు మెడికల్ సూపరింటెండెంట్, ఫార్మసీకి ఫార్మసీ ఇన్‌ఛార్జి. రోల్ కావాలంటే టికెట్ వేయాలి, యజమాని తన సొంత లాగిన్‌తో ఆ టికెట్‌లోనే ఆమోదించాలి. "సార్ ఓకే అన్నారు" అని ఫార్వార్డ్ చేసిన వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఆమోదం కాదు. యజమాని తనకు తానే రోల్ అడిగితే ఇంకొకరు ఆమోదించాలి.

ఎక్కువగా వచ్చేది ఈ రకం: "మేనేజరు ప్రొద్దుటూరుకు పెండ్లికి పోయినాడు, రెండు రోజులు ఆయన రోల్ నాకు ఇయ్యి, వచ్చినాక తీసెయ్యి." నిజమే అయ్యుండొచ్చు. అయినా ఫైనాన్స్ హెడ్ టికెట్‌లో ఒప్పుకోవాలి, టికెట్‌లో ఎప్పటి వరకు అన్న తేదీ ఉండాలి, ఆ తేదీకి తీసేసే పని మీ ముగ్గురిలో ఒకరి పేరు మీద క్యాలెండర్‌లో పడాలి. తీసేయడం మర్చిపోయిన రోల్స్ నాకు తగిలినంతగా దొంగ కాల్స్ కూడా తగల్లేదు. మేనేజరు పాస్‌వర్డ్‌నే ఇంకొకరికి ఇమ్మని అడిగితే మాత్రం ఎవరు చెప్పినా లేదనండి. రేపు ఏదైనా తేడా వస్తే నిజంగా ఎవరు చేశారో లాగ్ చూసినా తేలదు.

గట్టిగా అరిచినప్పుడు ఏం చేయాలన్నారు. మీరు కాదనే పరిస్థితి రాకూడదు, కాదనేది ఆసుపత్రి నియమం కావాలి. ఎండీ సంతకంతో ఒక పేజీ సర్క్యులర్ తెప్పించుకోండి. అందులో ఒక వాక్యం తప్పక ఉండాలి: "ఈ నియమం నాకూ వర్తిస్తుంది, దీన్ని పాటించినందుకు హెల్ప్‌డెస్క్ సిబ్బంది మీద ఎలాంటి చర్యా ఉండదు." ఆ రెండో సగం లేకపోతే కాగితం ఉన్నా మీ జూనియర్ భయపడి ఇచ్చేస్తాడు. ఇక మాట ఇట్ల ఉండొచ్చు: "సార్, ఇప్పుడే మీ నంబరుకు చేస్తా, ఒక్క నిమిషం." "లేదు" అనకుండా చేయబోయేది చెప్పండి. నిజమైన డాక్టరు గొణుక్కుంటూ అయినా ఫోన్ పెట్టేసి ఎత్తుతారు. మోసగాడు పెట్టనివ్వడు, లైన్లోనే ఉంచి తొందరపెడతాడు. అంతకు మించిన గుర్తు నాకు తెలియదు.

మీ ఆసుపత్రిలో ఒక చిక్కు ఉంది, మా కంపెనీలకు లేనిది. "ఐసీయూలో పేషంటు ఉన్నాడు, రిపోర్టు చూడాలి" అంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఆ మాట నిజమైనా కావచ్చు. అందుకే ఆ కాల్ వచ్చినప్పుడు రీసెట్ చేయాలా వద్దా అన్న ఆలోచనే రాకూడదు. రిపోర్టు చూడటానికి ఆ డాక్టరు లాగినే అక్కర్లేదు కదా. డ్యూటీ మెడికల్ ఆఫీసర్ గానీ ఐసీయూ ఇన్‌ఛార్జి సిస్టర్ గానీ తమ లాగిన్‌తో తెరిచి చూపిస్తారు, లేదా ల్యాబ్ నుంచి ఫోన్లో విలువలు చదివించుకుంటారు. సిస్టమ్ మొత్తం ఆగిన రోజు కాగితం మీద ఎట్ల నడుపుతారో అట్లనే. రోగి పని ఆగదు, రీసెట్ మాత్రం తన పద్ధతిలో జరుగుతుంది. ఈ దారిని మెడికల్ సూపరింటెండెంట్‌తో ముందే మాట్లాడి, వార్డుల్లో అందరికీ తెలిసేట్టు చేయండి.

వారానికొకసారి అరగంట కూర్చుని రీసెట్లకూ టికెట్లకూ జత కలపండి. విండోస్ డొమైన్ అయితే డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో ఒకరి పాస్‌వర్డ్‌ను ఇంకొకరు రీసెట్ చేసినప్పుడు 4724 నంబరు ఈవెంట్ పడుతుంది, గ్లోబల్ సెక్యూరిటీ గ్రూపులో ఎవరినైనా చేర్చితే 4728. ఆడిట్ ఆన్‌లో ఉంటేనే పడతాయి, ముందు అది చూసుకోండి. ఈవెంట్ ఉండి టికెట్ లేకపోతే, చేసినవాళ్ళను అదే రోజు అడగండి. టికెట్ ఉండి తిరిగి చేసిన ఫోన్ నంబరు రాయకపోతే అది కూడా అడగండి. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉంటారు కాబట్టి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు మామూలు పాస్‌వర్డ్ రీసెట్లు తప్ప నంబరు మార్పులు, ఆథెంటికేటర్, రోల్స్ ఏవీ తీసుకోకూడదని సర్క్యులర్‌లోనే రాయించండి.